ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, వింటే అర్థం కాదు: క్లాసులో ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది

హైదరాబాద్‌లో పీజీలో చేరే చాలామంది పిల్లలకు ఇంగ్లీషు పుస్తకం ముందు పెడితే ఇబ్బంది ఉండదు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినా, డిగ్రీలో మూడేళ్లు ఇంగ్లీషు పుస్తకాలతోనే కుస్తీ పట్టి ఉంటారు. కానీ తార్నాకలోనో గచ్చిబౌలిలోనో క్లాసులో కూర్చున్నాక కథ మారిపోతుంది. ఒక పీరియడ్ బెంగాలీ ప్రొఫెసర్, తర్వాతి పీరియడ్ మలయాళీ మేడమ్, ఆ తర్వాత అమెరికాలో ఇరవై ఏళ్లు పాఠం చెప్పి వచ్చిన సార్. సాయంత్రం హాస్టల్‌లో తెరిచే ఆన్‌లైన్ కోర్సులో ఆస్ట్రేలియా యాస. ప్రతి మాటా విన్నట్టే ఉంటుంది, పీరియడ్ అయ్యాక చూసుకుంటే నోట్సులో నాలుగు ముక్కలు మిగులుతాయి.

ఈ మాట ఎవరితో చెప్పినా ఏదో ఒక సలహా దొరుకుతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకో అంటారు ఒకరు. క్యాప్షన్లు పెట్టుకో, స్పీడు తగ్గించి విను, ల్యాప్‌టాప్‌లో టైప్ చెయ్యి, అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరు అంటారు ఇంకొందరు. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు, అన్నీ అందరికీ పనికొచ్చేవీ కావు. కొన్నయితే గంటలకు గంటలు తినేసి, ఇచ్చేది మాత్రం చాలా తక్కువ. ఏది ఎంచుకోవాలన్నది మీ చెవి ఎక్కడ తప్పిపోతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు అది తేల్చుకోవాలి.

రెండు నిమిషాల పరీక్ష

మీ సబ్జెక్టులోనే ఒక వీడియో లెక్చర్ తీసుకోండి. దానికి రాతరూపం కూడా ఉండాలి. ఎన్‌పీటెల్ కోర్సులు చాలావాటికి, ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ వీడియోలు చాలావాటికి ఇది ఉచితంగా దొరుకుతుంది. మధ్యలో ఎక్కడైనా రెండు నిమిషాల ముక్క ఎంచుకోండి. మామూలుగా మాట్లాడే ఇంగ్లీషు నిమిషానికి 150 మాటల చుట్టూ ఉంటుంది కాబట్టి ఇందులో సుమారు 300 మాటలు ఉంటాయి. క్యాప్షన్లు లేకుండా రెండుసార్లు వినండి. రెండోసారి వింటూ, ఆపి ఆపి, విన్నది విన్నట్టు రాయండి. తర్వాత రాతప్రతి పక్కన పెట్టుకుని తప్పిపోయిన ప్రతిచోటా గీత గీయండి.

ఇప్పుడు ఆ గీతల్ని మూడు రకాలుగా విడదీయాలి. కొన్ని మాటలు రాతలో చూసినా తెలియవు. కొన్ని చూడగానే 'అయ్యో, ఇదా!' అనిపిస్తాయి, అంటే కంటికి తెలుసు, చెవికి తెలియదు. మూడో రకంలో మాటలన్నీ వినబడే ఉంటాయి, కానీ సార్ ఉదాహరణ చెబుతున్నారో, అసలు విషయం చెబుతున్నారో, ఇందాక చెప్పినదాన్ని సరిదిద్దుతున్నారో పోల్చుకోలేక దారి తప్పి ఉంటారు.

మొదటి రకం ఎక్కువగా ఉంటే అది వినికిడి సమస్య కాదు, చదువు సమస్య. క్లాసుకు ముందు ఆ పాఠం పుస్తకంలో చదువుకుంటే చాలావరకు తీరిపోతుంది. బాగా చదవగలిగినవాళ్ల పేపరు మీద ఎక్కువగా కనబడేది రెండో రకం. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

కంటికి తెలిసిన మాట చెవికి ఎందుకు తెలియదు

తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ప్రతి అక్షరానికీ దాని కాలం దానికి దక్కుతుంది. మనం ఇంగ్లీషును కూడా అలాగే, రాసిన అక్షరాలన్నిటికీ విలువ ఇచ్చి చదువుకుంటాం. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు అలా పలకరు. మాటలో ఒక చోట ఊనిక పెట్టి, మిగతా అచ్చుల్ని నలిపేస్తారు. పైగా ఆ ఊనిక ఒకే కుటుంబంలోని మాటల్లో కూడా చోటు మారుతుంది. 'అనలైజ్'లో మొదటి అక్షరం మీద ఉంటుంది, 'అనాలసిస్'లో రెండో దాని మీదికి, 'అనలిటికల్'లో మూడో దాని మీదికి వెళుతుంది. రాతలో మూడూ అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి, చెవికి మూడూ వేర్వేరు మాటలు.

మనం 'పారామీటర్' అని మనసులో చదువుకున్న మాట క్లాసులో 'పరామిటర్' అయి వస్తుంది, అమెరికా యాసలో 'పరామిడర్' అవుతుంది. 'డిటర్మైన్' అని చదువుకున్నది 'డిటర్మిన్' అవుతుంది. 'యూలర్' అని చదువుకున్న గణితవేత్త పేరు 'ఆయ్‌లర్'. మాట మీకు తెలిసిందే. మీ తలలో దాని పక్కన రాసి ఉన్న శబ్దం వేరు, అంతే. ఆ తేడాను సర్దుకునేలోపు సార్ పది మాటలు ముందుకు వెళ్లిపోయి ఉంటారు.

యాసలు దీని మీద ఇంకో పొర వేస్తాయి. అమెరికా యాసలో రెండు అచ్చుల మధ్య ట శబ్దం డ లాగా మెత్తబడుతుంది, అందుకే 'డేటా' 'డేడా' అవుతుంది. దక్షిణ ఇంగ్లండు యాసలో అచ్చు తర్వాతి ర మాయమవుతుంది, 'ఆర్డర్' 'ఓడ' లాగా వినిపిస్తుంది. స్కాట్లండు యాసలో అదే ర గట్టిగా నిలబడుతుంది. ఆస్ట్రేలియా యాసలో 'డే' కొంచెం 'డై' వైపు వాలుతుంది. కొందరు బెంగాలీ టీచర్ల నోట 'వేరియబుల్' 'భేరియబుల్' అవుతుంది. ఇవి తప్పులు కావు, ఒక్కో యాసకు ఒక్కో లెక్క. ఆ లెక్క ఒకసారి పట్టుబడితే ఆ టీచర్ చెప్పే వందల మాటలకు అదే తాళంచెవి. కొత్త టీచర్ వచ్చిన మొదటి వారంలో నోట్సు వెనక పేజీలో ఇలాంటివి నాలుగైదు రాసి పెట్టుకోండి: ట → డ, వ → భ, ర మాయం.

రెండో రకం గీతలు ఎక్కువగా ఉన్నవాళ్లకు నేను చెప్పే మొదటి ఎంపిక క్లాసుకు ముందు పదిహేను నిమిషాలు. పాఠమంతా చదవడానికి కాదు, అది మీకు ఎలాగూ వచ్చు. రేపటి పాఠంలో తప్పక వచ్చే పది పన్నెండు మాటలు, వాటిలో మనుషుల పేర్లు కూడా, ఏరుకోవాలి. కేంబ్రిడ్జ్ ఆన్‌లైన్ నిఘంటువులో బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినొచ్చు. `youglish.com`లో మాట టైప్ చేస్తే ఆ మాట పలికిన వీడియో ముక్కలు వరసగా వస్తాయి, కావలసిన దేశం యాసను ఎంచుకోవచ్చు కూడా. ఒక్కో మాటనూ ముగ్గురు నలుగురి నోట విని, పైకి పలికి, విన్న శబ్దాన్ని తెలుగు లిపిలో రాసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగు దాచేసే శబ్దాన్ని మన లిపి చాలావరకు పట్టేస్తుంది. ఒకరి గొంతే పదిసార్లు వినడం కన్నా నలుగురి గొంతులు వినడం మేలు, అప్పుడు చెవి ఒక మనిషికి కాక ఆ మాటకు అలవాటుపడుతుంది.

క్యాప్షన్లు: ఇంగ్లీషువా, తెలుగువా

హాస్టల్‌లో వీడియో చూసేటప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. చాలామంది తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే సుఖమని అనుకుంటారు. పాఠం అర్థం కావడమే ముఖ్యమైతే అది నిజమే. చెవిని తయారు చేసుకోవాలంటే మాత్రం అది ఎదురు దెబ్బ తీస్తుంది.

2009లో మిట్టరర్, మెక్వీన్ అనే ఇద్దరు పరిశోధకులు నెదర్లాండ్స్‌లో దీన్ని పరీక్షించారు. ఇంగ్లీషు బాగా వచ్చిన డచ్ విద్యార్థులకు స్కాట్లండు, ఆస్ట్రేలియా యాసల్లో వీడియోలు చూపించారు. కొందరికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్, కొందరికి డచ్‌వి, ఇంకొందరికి ఏవీ లేకుండా. తర్వాత అదే మనిషి గొంతులో కొత్త మాటలు వినిపించి తిరిగి చెప్పమన్నారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చూసినవాళ్లు మెరుగయ్యారు. సొంత భాషలో చూసినవాళ్లు కొత్త మాటల దగ్గర, ఏ సబ్‌టైటిల్సూ లేనివాళ్ల కన్నా వెనకబడ్డారు. కారణం ఊహించడం కష్టం కాదు. వినే శబ్దానికి, చూసే అక్షరానికి జత కుదిరితేనే చెవి ఆ యాసను సర్దుకుంటుంది. కింద తెలుగు నడుస్తుంటే మనసు అర్థాన్ని తెలుగులోనే తీసేసుకుంటుంది, శబ్దాన్ని పట్టించుకోవలసిన అవసరమే రాదు.

కాబట్టి యాస అలవాటు కావడానికి ఇంగ్లీషు క్యాప్షన్లే. వాటిలోనూ మనిషి సరిచూసినవి వేరు, యంత్రం తనంతట రాసినవి వేరు. యంత్రం రాసేవి మామూలు మాటల దగ్గర బాగానే ఉంటాయి. సాంకేతిక పదాల దగ్గర, మనుషుల పేర్ల దగ్గర, బలమైన యాస దగ్గర తడబడతాయి. అంటే మీకు సాయం కావలసిన చోటే అవి జారిపోతాయి. 'ప్వాసోన్' అనే గణితవేత్త పేరు రావలసిన చోట 'పాయిజన్' పడొచ్చు. క్యాప్షన్‌లో వాక్యం సబ్జెక్టుకు పొసగకపోతే అనుమానించాల్సింది మీ చెవిని కాదు, క్యాప్షన్‌ను.

వాడే తీరు కూడా ముఖ్యమే. ముందు ఐదు నిమిషాల ముక్క క్యాప్షన్లు లేకుండా వినండి. ఆ తర్వాత వాటితో, మళ్లీ లేకుండా. యూట్యూబ్‌లో `C` నొక్కితే క్యాప్షన్లు వస్తాయి, పోతాయి. `J` పది సెకన్లు వెనక్కి, `K` ఆపడానికి. మూడోసారి విన్నప్పుడు మొదటిసారి జారిపోయిన చోట్లు మాటలుగా విడివడి వినబడాలి. అలా వినబడటం లేదంటే మీరు విన్నది తక్కువ, చదివింది ఎక్కువ.

క్లాసులో ఫోన్ మీద లైవ్ క్యాప్షన్లు పెట్టుకోవడం ఇంకో దారి. కొత్త టీచర్‌తో మొదటి రెండు మూడు క్లాసుల్లో, అదీ వారి అనుమతితో, ఇది ఊపిరి పోస్తుంది. అంతకు మించి కొనసాగించవద్దని నా సలహా. క్యాప్షన్ మాట కన్నా కాస్త ఆలస్యంగా వస్తుంది, కళ్లు ఫోన్ మీద ఉంటాయి, బోర్డు మీద రాసింది తప్పిపోతుంది, సార్ పెదవులు కనబడవు. ఫ్యాన్ల చప్పుడున్న హాల్లో పెదవుల కదలిక చూడటం వినికిడికి మంచి సాయం చేస్తుంది. ముందు వరసలో కూర్చోవడం ఈ లెక్కన ఏ యాప్‌కూ తీసిపోదు.

స్పీడు తగ్గించడం గురించి ఒక మాట. 0.75లో పెడితే ఆలోచించడానికి సమయం దొరుకుతుంది, నిజమే. కానీ పలకని శబ్దం నెమ్మదిగా పెట్టినా పలకనిదే. మాయమైన ర తిరిగి రాదు. పైగా చెవి అలవాటుపడేది ఎక్కడా వినబడని నడకకు. మామూలు స్పీడులోనే ఉంచి, వాక్యం చివర `K` నొక్కి, విన్నది మనసులో ఒకసారి చెప్పుకుని ముందుకు వెళ్లడం దానికన్నా మేలైన ఎంపిక.

రికార్డింగ్: ఎంత వినాలి

రికార్డింగ్ మీద పిల్లలకు ఉన్నంత నమ్మకం ఇంకే పద్ధతి మీదా ఉండదు. ఫోన్‌లో ఉందిలే అన్న ధైర్యంతో క్లాసులో చెవి సడలుతుంది. ఇంటికొచ్చాక 50 నిమిషాల రికార్డింగును ఆపుతూ వినాలంటే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. రోజుకు నాలుగు క్లాసులు. వారం తిరిగేసరికి వినని రికార్డింగులు పేరుకుపోతాయి, వాటిని చూస్తేనే టెన్షన్.

రికార్డింగును మొత్తం వినడానికి కాకుండా ఖాళీలు పూడ్చడానికి వాడితే మాత్రం అది బంగారం. రికార్డింగు మొదలుపెట్టిన సమయం నోట్సు పైన రాయండి. క్లాసులో ఏదైనా తప్పిపోతే అక్కడే ఆగిపోకుండా, మార్జిన్‌లో ఒక ప్రశ్న గుర్తు, పక్కన గడియారంలో సమయం వేసి ముందుకు సాగండి. 10:05కు రికార్డింగు మొదలైతే, 10:23 దగ్గర తప్పిపోయిన మాట పద్దెనిమిదో నిమిషం దగ్గర దొరుకుతుంది. సాయంత్రం ఆ ఆరేడు చోట్లు మాత్రమే, ఒక్కోటి నిమిషం ముందు నుంచి వింటే ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ రోజే చేయాలి. రెండు రోజులు ఆగితే ప్రశ్న గుర్తు ఎందుకు పెట్టారో మీకే గుర్తుండదు.

రికార్డు చేసే ముందు టీచర్‌ను అడగడం తప్పనిసరి. దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఫోన్ వెనక బెంచీ మీద ఉంటే ఫ్యాన్, ఏసీ చప్పుడే ఎక్కువ పడుతుంది. వీలైతే ముందు బెంచీ మీద, మైకు ఉన్న అంచు టీచర్ వైపు ఉండేలా పెట్టండి.

రోజుకు ఆ ఇరవై నిమిషాలు కూడా దొరకవనుకుంటే రికార్డింగు వదిలేయండి. ఆ సమయం క్లాసుకు ముందు పన్నెండు మాటలకు పెట్టినా అంతకన్నా ఎక్కువే దక్కుతుంది.

నోట్సు: ఏం రాయాలి, దేనితో రాయాలి

యాభై నిమిషాల క్లాసులో టీచర్ నోట సుమారు 7,500 మాటలు వస్తాయి. చేత్తో నిమిషానికి 25 మాటలు ఆగకుండా రాసినా 1,250. అంటే ఆరో వంతు. ఆ ఆరో వంతు ఏదో మీరు ఎంచుకోకపోతే, చెవికి తగిలినవే నోట్సులో పడతాయి. మనకు తేలిగ్గా తగిలేవి గట్టిగా పలికే నామవాచకాలు. నలిగిపోయేవి చిన్న మాటలు. వాక్యం తిరిగే మలుపులన్నీ ఉండేది ఆ చిన్న మాటల్లోనే.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. నల్గొండ నుంచి వచ్చి స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్న ఒక అమ్మాయి అనుకుందాం. అమెరికా యాస ఉన్న సార్, స్లైడ్లు లేవు. ఆయన గబగబా ఈ వాక్యం అన్నారు: "ద థింగ్ అబౌట్ ద ప్వాసోన్ ఈజ్ దట్ ద మీన్ అండ్ ద వేరియన్స్ ఆర్ ద సేమ్, సో ఇఫ్ యూవ్ గాట్ డేటా వేర్ ద వేరియన్స్ ఈజ్ ఎ లాట్ బిగ్గర్ దాన్ ద మీన్, యూ షుడంట్ బీ యూజింగ్ ఇట్."

ఆమె చెవికి చేరినవి: థింగ్, ఏదో 'ప్వా', మీన్, వేరియన్స్, సేమ్, 'డేడా', బిగ్గర్, 'షుడ్ బీ యూజింగ్'. ప్వాసోన్ పేరును ఆమె పుస్తకంలో చాలాసార్లు చూసింది, మనసులో మాత్రం 'పాయిజన్' అని చదువుకుంది. అందుకే పోల్చుకోలేదు. చివర ఉన్న 'షుడంట్'లో నిషేధం మోసే చిన్న శబ్దం 'బీ'లో కలిసిపోయింది. నోట్సులో ఇలా పడింది: మీన్ = వేరియన్స్; వేరియన్స్ పెద్దదైతే వాడాలి. సార్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులు.

ఇదే అమ్మాయి ముందు రోజు పదిహేను నిమిషాలు పెట్టి ఉంటే? 'ప్వాసోన్', 'వేరియన్స్', 'ఓవర్‌డిస్పర్షన్' చెవికి తెలిసి ఉండేవి. ప్వాసోన్ పంపిణీలో మీన్ `λ`, వేరియన్స్ కూడా `λ` అని పుస్తకంలో ఉన్నది తలలో ఉండేది. కాబట్టి వాక్యం మొదటి సగం రాయనక్కర్లేదు, దాని మీద చెవి పెట్టనక్కర్లేదు. శ్రద్ధంతా రెండో సగం మీదికి మిగిలేది. అక్కడ కూడా 'షుడంట్' జారిపోయిందే అనుకుందాం. మార్జిన్‌లో ఇలా రాస్తుంది: వేరియన్స్ ≫ మీన్ అయితే → వాడాలా, వద్దా? 10:31. సాయంత్రం పుస్తకం తెరిస్తే రికార్డింగు లేకుండానే జవాబు దొరుకుతుంది. అలాంటి డేటాకు ప్వాసోన్ సరిపోదు, నెగెటివ్ బైనామియల్ లాంటిది చూడాలి. చదవడం బాగా వచ్చినవాళ్లకు ఉన్న పెద్ద బలం ఇదే. సరైన ప్రశ్న రాసుకుని బయటికొస్తే చాలు, జవాబు పుస్తకమే ఇస్తుంది. తప్పు జవాబు రాసుకుని వస్తే మాత్రం పుస్తకం తెరవాలన్న ఆలోచనే రాదు.

నిషేధాల గురించి ఇంకొంచెం, ఎందుకంటే ఎక్కువ నష్టం చేసేవి అవే. అమెరికా యాసలో 'చేయగలం' అనే అర్థంలో వచ్చే 'క్యాన్' వాక్యం మధ్యలో నలిగి 'కన్' అయిపోతుంది. 'చేయలేం' అన్నప్పుడు చివరి ట సగమే పలికినా అచ్చు మాత్రం నిండుగా 'క్యాన్' అని నిలబడుతుంది. ట కోసం వెతక్కండి, అచ్చు వినండి. నిండుగా, ఊనికతో ఉంటే చాలాసార్లు అది 'లేం'. అంకెల్లో పదిహేనుకు, యాభైకి తేడా కూడా ఇలాంటిదే. 'ఫిఫ్టీన్'లో ఊనిక చాలాసార్లు చివర ఉంటుంది, 'ఫిఫ్టీ'లో ఎప్పుడూ మొదట ఉంటుంది. అయినా అనుమానం వస్తే ప్రశ్న గుర్తే.

మూడో రకం గీతలు ఎక్కువ ఉన్నవాళ్లు, అంటే మాటలు వినబడి దారి తప్పేవాళ్లు, మలుపు మాటల మీద చెవి పెట్టాలి. 'హావింగ్ సెడ్ దట్' అంటే ఇప్పటిదాకా చెప్పినదానికి అడ్డు చెప్పబోతున్నారు. 'లెట్స్ సే' అంటే ఉదాహరణ మొదలైంది. 'సో, బ్యాక్ టు' అంటే పక్కదారి అయిపోయింది, అసలు దారిలోకి వస్తున్నారు. ప్రతి టీచర్‌కూ ఇలాంటివి ఐదారు ఉంటాయి, నాలుగు క్లాసుల్లో దొరికిపోతాయి. అవి వినబడగానే కొత్త గీత కింద రాయడం మొదలుపెట్టండి. మాటలు సగం తప్పిపోయినా పాఠం ఆకారం నిలుస్తుంది.

దేనితో రాయాలన్నదానికి నా జవాబు చాలామందికి పెన్ను. చేత్తో రాస్తే ఎక్కువ గుర్తుంటుందని 2014లో వచ్చిన మ్యుయెలర్, ఒపెన్‌హైమర్‌ల పరిశోధన బాగా ప్రచారమైంది. 2019లో ఇతరులు దాన్ని మళ్లీ చేసి చూస్తే తేడా అంత గట్టిగా తేలలేదు, కాబట్టి ఆ ఒక్క కారణంతో ల్యాప్‌టాప్‌ను తోసేయను. నా కారణం వేరు. వినబడని మాటను తెలుగు లిపిలో ఠక్కున రాయడం, మార్జిన్‌లో సమయం వేయడం, బాణం గీయడం, సూత్రం రాయడం పెన్నుతో తేలిక. టైపింగులో చేతులు విన్న మాటల్ని వరసగా దించేస్తుంటాయి, మధ్యలో అర్థం కానిచోటు ఎక్కడో తర్వాత తెలియదు. చరిత్ర, న్యాయశాస్త్రం లాంటి మాటల బరువున్న సబ్జెక్టుల్లో, కీబోర్డు చూడకుండా టైప్ చేయగలిగినవాళ్లకు ల్యాప్‌టాప్ బాగానే పనిచేస్తుంది. స్లైడ్లు ముందే ఇచ్చే టీచర్ అయితే ప్రింటు తీసుకుని దాని మీదే రాయడం రెండింటికన్నా మంచిది, స్లైడ్‌లో ఉన్నది మళ్లీ రాసే పని తప్పుతుంది.

నోట్సు మొత్తం తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? పదాలు ఇంగ్లీషువి, వాటి మధ్య సంబంధం తెలుగులో. 'పెద్దదైతే వద్దు', 'ఎందుకంటే', 'ఇది ఉదాహరణ మాత్రమే' అని తెలుగులో రాయడం వేగంగా సాగుతుంది. రాయాలంటే అర్థమై ఉండాలి కాబట్టి, అర్థం కాని చోటు అక్కడికక్కడే బయటపడుతుంది.

సీనియర్ల నోట్సు జిరాక్సు తీసుకోవడం కూడా చాలామంది ఎంచుకునే దారే. క్లాసుకు ముందు ఏం రాబోతోందో చూసుకోవడానికి అది అద్భుతం. క్లాసుకు బదులుగా అయితే వద్దు, ఎందుకంటే చెవి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

కోచింగ్ సంగతి

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు ఎక్కువగా నేర్పేది మాట్లాడటం. మీ అవసరం అది కాదు. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ అభ్యాసం కొంత దగ్గరగా ఉంటుంది. అందులో రకరకాల యాసలు ఉంటాయి, నాలుగో భాగం ఒకే మనిషి చెప్పే పాఠంలా నడుస్తుంది, ఒక్కసారే వినిపిస్తారు. కానీ అది రాసిన దాన్ని స్టూడియోలో చదివిన పాఠం. నిజం క్లాసులో సార్ వాక్యం మధ్యలో ఆపేస్తారు, మార్చుకుంటారు, బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు. విదేశం వెళ్లడానికి ఆ పరీక్ష ఎలాగూ రాయాల్సినవాళ్లు దాంతో మొదలుపెట్టండి. క్లాసు కోసమే అయితే డబ్బు పెట్టనక్కర్లేదు. మీ సబ్జెక్టులో, మీ టీచర్ యాసకు దగ్గరగా ఉన్నవారి వీడియో పాఠాలు రోజుకు పదిహేను నిమిషాలు పైన చెప్పినట్టు మూడుసార్లు వింటే చాలు. మూడు నాలుగు వారాల తర్వాత రెండు నిమిషాల పరీక్ష మళ్లీ పెట్టుకోండి. రెండో రకం గీతలు తగ్గుతున్నాయా లేదా అన్నదే కొలత.

అవి తగ్గకపోతే, పైగా అదే హాల్లో తెలుగులో చెప్పిన ప్రకటనలు కూడా మీకు సరిగా వినబడటం లేదంటే, సమస్య ఇంగ్లీషుది కాకపోవచ్చు. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో, మీకు దగ్గరలోని చెవి డాక్టరు దగ్గరికో వెళ్లి ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోండి.

ఇక టీచర్‌ను అడగడం. చాలామంది 'సార్, అర్థం కాలేదు' అంటారు. దానికి సార్ అదే వాక్యాన్ని అదే వేగంతో మళ్లీ చెబుతారు, మీరు మళ్లీ అక్కడే ఉంటారు. అలా కాకుండా 'సార్, ఆ పేరు ఒకసారి బోర్డు మీద రాస్తారా?' అని అడగండి. లేదా 'వేరియన్స్ పెద్దదైతే వాడకూడదన్నారా, వాడాలన్నారా?' అని అడగండి. మొదటిదానికి ఐదు సెకన్లు, రెండోదానికి ఒక్క మాట చాలు. ఎంత తొందరలో ఉన్న టీచరైనా అంతమాత్రం ఆగుతారు. ఆ మాట తప్పిపోయినవాళ్లు ఆ క్లాసులో మీరొక్కరే అయి ఉండరు కూడా.